ఒక గదిలో 350 ఓల్టులు, పక్క గదిలో 85

సాయంత్రం ఏడు దాటాక హాల్లోని బల్బులు ఉన్నట్టుండి కళ్లు చెదిరేంత తెల్లగా వెలుగుతాయి. ఫ్యాను ఎప్పుడూ లేనంత జోరుగా తిరుగుతుంది. టీవీ వెనక నుంచి చిన్న చప్పుడు, ఆ వెంటే కాలిన వాసన. అదే సమయంలో బాత్రూంలో గీజర్ దీపం మిణుకుమిణుకుమంటుంది. హాల్లో ఉన్నవాళ్లు "హై ఓల్టేజీ వచ్చింది" అంటారు. లోపలి గదిలో ఉన్నవాళ్లు "కాదు, లో ఓల్టేజీ" అంటారు. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇళ్లకు తరచూ వెళ్లే ఎలక్ట్రీషియన్‌కి ఈ రెండు మాటలూ ఒకే ఇంటి నుంచి ఒకే ఫోన్లో వినిపించాయంటే చాలు, విషయం అర్థమైపోతుంది. "న్యూట్రల్ పోయినట్టుంది, ముందు మెయిన్ ఆపండి" అంటాడు.

ఇలాంటప్పుడు నింద ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. పైనుంచి ఎక్కువ కరెంటు వదిలారనుకుంటారు. నిజానికి ట్రాన్స్‌ఫార్మర్ ఆ క్షణంలోనూ రోజూ పంపే ఓల్టేజీనే పంపుతూ ఉంటుంది. ఆ ఓల్టేజీని ఇంట్లో వస్తువులు పంచుకునే తీరు మాత్రం తలకిందులైంది. గొడవంతా ఆ పంపకంలోనే ఉంది.

వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల ఓల్టుల్ని తగ్గించి నాలుగు తీగల మీద కిందికి పంపుతుంది. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఎలక్ట్రీషియన్ల భాషలో రెడ్, ఎల్లో, బ్లూ ఫేజులు, నాలుగోది నల్ల వైరు. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కైనా మధ్య కొలిస్తే సుమారు 230 ఓల్టులు ఉంటుంది. ఫేజుకీ ఫేజుకీ మధ్య కొలిస్తే సుమారు 400. రెండు 230లు కలిస్తే 460 కావాలి కదా అనిపిస్తుంది. కానీ మూడు ఫేజుల అలలూ ఒకేసారి పైకి లేవవు. ఒకదాని వెనక ఒకటి, మూడో వంతు చక్రం ఆలస్యంగా వస్తాయి. అందుకే 230ని 1.732తో గుణిస్తే వచ్చే 400 దగ్గర ఆగుతుంది.

ఇంట్లో టీవీ, ఫ్రిజ్, ఫ్యాను, బల్బు అన్నీ 230 ఓల్టులకు తయారైనవే. కాబట్టి ప్రతి వస్తువూ ఏదో ఒక ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్యే ఉంటుంది. మూడు ఫేజుల కనెక్షన్ తీసుకున్న ఇంట్లో వైరింగ్ చేసేటప్పుడే ఈ లోడ్లను మూడు ఫేజుల మీదకు పంచుతారు. ఒక ఫేజు మీద గీజర్లు, ఇంకోదాని మీద హాలు, మరోదాని మీద వంటిల్లు, పడకగదులు. ఏ ఫేజు నుంచి వచ్చిన కరెంటైనా చివరికి ఒకే న్యూట్రల్ వైరుకు చేరుతుంది.

న్యూట్రల్‌లో కరెంటు ఉండదని చాలామంది అనుకుంటారు. టెస్టర్ పెడితే వెలగదు కాబట్టి ఆ నమ్మకం. టెస్టర్ వెలగకపోవడానికి కారణం వేరు. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు కాబట్టి దాని ఓల్టేజీ భూమితో దాదాపు సమానంగా ఉంటుంది. కరెంటు మాత్రం అందులో పారుతూనే ఉంటుంది, మూడు ఫేజుల లోడ్ల మధ్య ఉన్న తేడా మేరకు. మూడింటి మీదా సరిగ్గా ఒకే రకం లోడ్ ఉంటే వెళ్లేదీ వచ్చేదీ ఫేజుల్లోనే సర్దుకుపోయి న్యూట్రల్‌లో ఏమీ మిగలదు. పొలంలో 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారుకు న్యూట్రల్ ఇవ్వకపోయినా అది నడిచేది అందుకే. దానిలోని మూడు చుట్లూ ఒకే కొలతవి. ఇల్లు మోటారు కాదు. ఒక ఫేజు మీద గీజర్ ఉంటే ఇంకో ఫేజు మీద వైఫై రూటర్ ఉంటుంది.

న్యూట్రల్ చేసే అసలు పని ఏమిటో తెలియాలంటే ఒక చెక్క పలక, నాలుగు మేకులు, కొన్ని రబ్బరు బ్యాండ్లు తీసుకోవచ్చు. పలక మీద మూడు మేకులను ఒకదానికొకటి 40 సెంటీమీటర్ల దూరంలో, త్రిభుజం మూలల్లో కొట్టాలి. సరిగ్గా మధ్యలో ఒక ఉంగరాన్ని నాలుగో మేకుతో బిగించాలి. ఇప్పుడు మధ్య నుంచి ఏ మూలకైనా దూరం 23 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు అంటే 10 ఓల్టులు అనుకుంటే ఇల్లంతా ఈ పలక మీదే ఉంది. మూలల మధ్య 400, మధ్య నుంచి మూలకు 230. ఇక ఉంగరాన్ని రబ్బరు బ్యాండ్లతో మూలలకు కట్టాలి. ఎక్కువ లోడ్ ఉన్న ఫేజుకు ఎక్కువ బ్యాండ్లు, తక్కువ లోడ్ ఉన్నదానికి తక్కువ. మధ్య మేకు ఉన్నంతసేపూ ఏ వైపు ఎన్ని బ్యాండ్లు లాగినా ఉంగరం కదలదు, ప్రతి వస్తువుకూ 230 అందుతూనే ఉంటుంది. ఆ మేకు ఊడితే ఉంగరం ఎక్కువ బ్యాండ్లున్న మూలవైపు జరిగిపోతుంది. ఆ మూలకు దూరం తగ్గుతుంది, మిగతా రెండింటికీ పెరుగుతుంది. ఊడిన ఆ మేకే న్యూట్రల్.

అంటే పెద్ద లోడ్ ఉన్న ఫేజుకు ఓల్టేజీ పడిపోతుంది, చిన్న లోడ్ ఉన్న ఫేజుకు పెరుగుతుంది. మామూలుగా మనం అనుకునేదానికి ఇది ఎదురు. ఎక్కువ కరెంటు లాగే గీజర్ బాగానే ఉండి, ఏడెనిమిది వాట్లు తినే రూటర్ కాలిపోవడం చాలామందికి మింగుడుపడదు. లెక్క చూస్తే అందులో వింతేమీ లేదు.

ఒక ఇంటిని తీసుకుందాం. రెడ్ ఫేజు మీద 2000 వాట్ల గీజర్. ఎల్లో ఫేజు మీద టీవీ, సెట్‌టాప్ బాక్సు, రూటర్ కలిపి 100 వాట్లు. బ్లూ ఫేజు మీద ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, కొన్ని దీపాలు కలిపి 500 వాట్లు. లెక్క తేలికయ్యేందుకు వీటన్నింటినీ మామూలు రెసిస్టెన్సుల్లాగే చూద్దాం. గీజర్ రెసిస్టెన్సు సుమారు 26 ఓములు, టీవీ వైపుది 529 ఓములు, ఫ్రిజ్ వైపుది 106 ఓములు. గీజర్ తెరిచిన పెద్ద గేటులాంటి దారి, టీవీ సందులాంటి దారి అన్నమాట. న్యూట్రల్ ఉన్నంతసేపూ ఎవరి దారి వారిది, ఎవరి 230 వారిది.

మీటరు బోర్డు దగ్గర న్యూట్రల్ తెగింది. ఇప్పుడు ఇంట్లోని నల్ల వైర్లన్నీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి గానీ ట్రాన్స్‌ఫార్మర్‌తో సంబంధం పోయింది. గీజర్ గుండా వచ్చిన కరెంటుకు వెనక్కి వెళ్లడానికి మిగిలిన దారి టీవీ గుండా, ఫ్రిజ్ గుండా మిగతా ఫేజుల్లోకే. లెక్కవేస్తే గీజర్‌కు సుమారు 85 ఓల్టులు, టీవీ వైపు 351, ఫ్రిజ్ వైపు 314 వస్తాయి. పలక మీద చూస్తే ఉంగరం మధ్య నుంచి 15 సెంటీమీటర్లకు పైగా గీజర్ మూలకు జరిగినట్టు.

కథ ఇక్కడితో ఆగదు. కాసేపటికి నీళ్లు వేడెక్కి థర్మోస్టాట్ గీజర్‌ను ఆపేసిందనుకోండి. రెడ్ మూల నుంచి లాగే బ్యాండ్లన్నీ ఒక్కసారిగా తెగినట్టే. మిగిలినవి టీవీ వైపు, ఫ్రిజ్ వైపు మాత్రమే, రెండూ వరసగా 400 ఓల్టుల మధ్య ఇరుక్కున్నాయి. ఇప్పుడు టీవీకి 333, ఫ్రిజ్‌కు 67. క్షణం క్రితం 314 ఓల్టులతో కళ్లు మిరుమిట్లు గొలిపిన అదే వంటింటి బల్బు ఇప్పుడు ఆరిపోబోయే దీపంలా తయారవుతుంది. ఎవరూ ఆ బల్బు స్విచ్ ముట్టుకోలేదు. ఎక్కడో బాత్రూంలో గీజర్ ఆగింది, అంతే. ఒక చోట ఏదైనా వేస్తే ఇంకో చోట వెలుగు మారడం న్యూట్రల్ తెగినప్పటి ప్రత్యేక లక్షణం. నిజంగా పైనుంచి హై ఓల్టేజీ వచ్చి ఉంటే అన్ని గదుల్లోనూ కలిసి పెరిగేది. లో ఓల్టేజీ అయితే కలిసి తగ్గేది.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకూ ఇది వేరే రూపంలో ఎదురవుతుంది. అక్కడి ఇళ్లకు మూడు ఫేజులు రావు. 240 ఓల్టుల సరఫరాను మధ్యలో న్యూట్రల్‌తో రెండు 120లుగా చీలుస్తారు. న్యూట్రల్ తెగితే ఒక వైపు 1200 వాట్ల మైక్రోవేవ్, మరోవైపు 240 వాట్ల చిల్లర సామాను ఉన్నప్పుడు మైక్రోవేవ్‌కు 40 ఓల్టులు, చిల్లర సామానుకు 200 ఓల్టులు దక్కుతాయి. మైక్రోవేవ్ నొక్కగానే హాల్లో బల్బులు మరింత వెలిగితే అక్కడి ఎలక్ట్రీషియన్లు ముందుగా చూసేది న్యూట్రల్‌నే.

మళ్లీ మన ఇంటికి వద్దాం. పై లెక్కలో అన్నింటినీ మామూలు రెసిస్టెన్సులుగా తీసుకున్నాం. ఇవాళ్టి ఇంట్లో సగం వస్తువులు అలాంటివి కావు. టీవీ, చార్జర్, ఎల్ఈడీ డ్రైవర్, కంప్యూటర్ లోపల ఉండే పవర్ సప్లై తనకు కావలసిన వాట్లు తను తీసుకుంటుంది. ఓల్టేజీ పెరిగితే కరెంటు తగ్గించుకుంటుంది. మామూలు రోజుల్లో ఇది మంచి గుణం. న్యూట్రల్ తెగిన రోజున ఇదే కొంప ముంచుతుంది. ఓల్టేజీ పెరగగానే కరెంటు తగ్గించిందంటే దాని రెసిస్టెన్సు ఇంకా పెరిగినట్టు, అంటే రబ్బరు బ్యాండ్లు ఇంకా తగ్గినట్టు. దాంతో దాని వంతు ఓల్టేజీ మరింత పెరుగుతుంది. కాగితం మీద 351 అని వచ్చినచోట నిజ జీవితంలో అంతకన్నా పైకి పోవచ్చు.

ఇక కాలేది ఎలా కాలుతుందో చూద్దాం. 230 అనేది ఏసీ ఓల్టేజీకి ఒక రకం సగటు. అల శిఖరం 325 ఓల్టుల దాకా లేస్తుంది. టీవీ పవర్ సప్లై ఆ శిఖరాన్ని పట్టుకుని ఒక పెద్ద కెపాసిటర్‌లో నిల్వ చేసుకుంటుంది. పాడైన బోర్డు విప్పి చూస్తే డబ్బాలాంటి ఆ కెపాసిటర్ మీద 400V అనో 450V అనో ముద్రించి ఉంటుంది. అది తట్టుకోగల హద్దు. 351 ఓల్టుల అల శిఖరం 496. హద్దు దాటిపోయింది. లోపలి ద్రవం ఆవిరై డబ్బా నెత్తి ఉబ్బుతుంది, గీతలు పెట్టిన చోట చీలి పొగ చిమ్ముతుంది. టీవీ వెనక వినిపించే చప్పుడు చాలాసార్లు అదే. దాని పక్కనే నీలం రంగు బిళ్లలా వేరిస్టర్ ఉంటుంది. పిడుగుపాటు లాంటివి తెచ్చే క్షణికమైన ఎగతాకిడిని మింగేయడం దాని పని. అది సెకనులో లక్షో వంతు పాటు పనిచేసేందుకు పుట్టింది. సెకన్ల తరబడి 350 ఓల్టులు నిలబడితే అదే వేడెక్కి నల్లగా మాడిపోతుంది. "స్పైక్ గార్డు పెట్టాం, అయినా టీవీ పోయింది" అనేవాళ్ల అనుమానానికి జవాబు ఇది. చవక స్పైక్ గార్డులో ఉండేదీ ఆ బిళ్లే.

తక్కువ ఓల్టేజీ పడిన వైపు కథ వేరు. గీజర్, ఇస్త్రీపెట్టె లాంటి వేడి వస్తువులకు దాంతో ప్రమాదం లేదు. 85 ఓల్టుల దగ్గర 2000 వాట్ల గీజర్ 270 వాట్ల గీజర్ అవుతుంది, నీళ్లు కాగడానికి పొద్దుపోతుంది, అంతే. మోటారున్న వస్తువులకే తిప్పలు. మోటారు తిప్పే బలం ఓల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 67 ఓల్టుల దగ్గర ఫ్రిజ్ కంప్రెసర్‌కు మామూలు బలంలో సుమారు పన్నెండో వంతే ఉంటుంది. గ్యాస్‌ను నొక్కలేక ఆగిపోతుంది, మూలుగుతూ వేడెక్కుతుంది. ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ టిక్కుమని కట్ చేస్తుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. ఫ్రిజ్ వెనక ఆ టిక్కు టిక్కు వినిపిస్తే కంప్రెసర్ ప్రాణం మీదకొచ్చినట్టే.

ఇంత జరుగుతున్నా మెయిన్ బోర్డులో ఎంసీబీ ఒక్కటీ పడదు. ఇది జనానికి అంతు చిక్కని విషయం. ఎంసీబీ చూసేది కరెంటును, ఓల్టేజీని కాదు. మామూలుగా గీజర్ లాగేది 8.7 ఆంపియర్లు. న్యూట్రల్ తెగాక లాగుతున్నది 3.2 మాత్రమే. ఎంసీబీ లెక్కలో ఇంట్లో అంతా సవ్యంగా, ఇంకా పొదుపుగా ఉంది. ఆర్‌సీసీబీ కూడా అంతే. లోపలికి వెళ్లిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు సరిపోతున్నాయా అని అది చూస్తుంది. ఒక ఫేజులో వచ్చింది ఇంకో ఫేజులో పోతోంది, భూమిలోకి లీకేజీ లేదు. దానికీ ఫిర్యాదు లేదు.

న్యూట్రల్ ఎక్కడ తెగుతుంది? తీగ మధ్యలో పుటుక్కున తెగడం అరుదు. ఎక్కువగా పోయేది అతుకుల దగ్గర. స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు చాలాచోట్ల అల్యూమినియం. ఇంట్లోది రాగి. రెండింటినీ మెలితిప్పి టేపు చుట్టి వదిలేస్తే తడి తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. మీద తెల్లటి పొర ఏర్పడుతుంది, ఆ పొర కరెంటును పోనివ్వదు. పైగా అల్యూమినియం స్క్రూ కింద నొక్కుకుపోయే లోహం. ఈ ఏడాది బిగించిన స్క్రూ నాలుగేళ్లకు వదులవుతుంది. వదులైన చోట వేడి, వేడికి ఇంకా వదులు. మీటరు బోర్డులోని న్యూట్రల్ లింకు విప్పి చూస్తే దాని చరిత్ర అక్కడే కనిపిస్తుంది. స్క్రూ చుట్టూ ఇత్తడి రంగు మారి నీలి ఛాయ తేలుతుంది, వైరు తొడుగు అంగుళం మేర గోధుమరంగుకు తిరిగి పెళుసైపోతుంది, వేలితో తోస్తే తీగ అటూ ఇటూ కదులుతుంది. సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖ లాంటి చోట్ల స్తంభం మీది అతుకుల సంగతి చెప్పక్కర్లేదు.

మనుషులు చేతులారా తెచ్చుకునేదీ ఒకటుంది. పాత ఇళ్లలో ఫేజుకు ఒక పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు, న్యూట్రల్‌కు మరో ఫ్యూజు పెట్టేవారు. న్యూట్రల్ ఫ్యూజులోని తీగ ముందు కాలిందంటే పైన చెప్పిందంతా మొదలవుతుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 32వ నియమం దీన్ని సూటిగా నిషేధించింది. న్యూట్రల్‌లో ఫ్యూజు గానీ విడి స్విచ్ గానీ ఉండకూడదు, ఉంటే ఫేజులతో కలిసి ఒకేసారి తెరుచుకునే స్విచ్ అయ్యుండాలి. తర్వాత వచ్చిన నిబంధనల్లోనూ ఆ మాట అలాగే ఉంది. అయినా పాత బోర్డుల్లో ఆ రెండో కిట్‌క్యాట్ ఇప్పటికీ కనబడుతుంది.

ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి ఎవరికి దెబ్బో తేలుతుంది. మీటరు తర్వాత తెగితే ఆ ఒక్క ఇంటికే. స్తంభం మీద తెగితే దాని అవతలి ఇళ్లన్నింటికీ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే న్యూట్రల్ ఊడితే వీధి వీధికీ. అప్పుడు సింగిల్ ఫేజు ఇళ్లు కూడా ఇందులో చిక్కుకుంటాయి, ఎందుకంటే మన ఇల్లు ఒక ఫేజు, ఎదురిల్లు ఇంకో ఫేజు. వాళ్ల గీజరూ మన టీవీ ఒకే వరసలోకి వస్తాయి. సింగిల్ ఫేజు ఇంటికి తన సొంత సర్వీస్ వైరులోని న్యూట్రల్ మాత్రమే తెగితే ఓల్టేజీ పెరగదు, ఇల్లంతా ఆగిపోతుంది. కానీ ప్లగ్గులో టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. ఫేజు ఏదో ఒక వస్తువు గుండా నల్ల వైరులోకి వచ్చి నిలబడిపోయింది. పవర్ లేదనుకుని న్యూట్రలే కదా అని వైరు పట్టుకున్నవాడికి షాక్ కొట్టేది ఇక్కడే.

తెలుగు ఇళ్లలో ఈ కష్టాన్ని రెట్టింపు చేసే పరికరం ఒకటుంది, ఫేజ్ చేంజర్. ఓ ఫేజులో ఓల్టేజీ తగ్గితే చటుక్కున తిప్పి ఇంకో ఫేజుకు మార్చుకునే గుండ్రటి స్విచ్. ఏళ్ల తరబడి లో ఓల్టేజీతో వేగినవాళ్ల చెయ్యి దీపం మసకబారగానే దాని మీదకు పోతుంది. న్యూట్రల్ తెగిన రోజున తక్కువ ఓల్టేజీ దగ్గర మూలుగుతున్న ఫ్రిజ్‌ను ఆ ఒక్క మలుపుతో 300కు పైన కూర్చోబెట్టినట్టు కావచ్చు. ఒక చోట మసక, ఇంకో చోట మిరుమిట్లు కనిపిస్తే ఫేజ్ చేంజర్ జోలికి పోకూడదు. ఒక్కో వస్తువు ప్లగ్గు పీకుతూ పరుగెత్తడం కూడా మంచిది కాదు. ప్రతి ప్లగ్గు తీసినప్పుడల్లా ఉంగరం చోటు మారుతుంది, మిగిలినదాని మీద భారం పడుతుంది. మూడు ఫేజులూ ఒకేసారి తెగేలా మెయిన్ స్విచ్ ఆపాలి. ఆ తర్వాత 1912కు ఫోను, ఎలక్ట్రీషియన్‌కు ఫోను.

మరో ప్రమాదకరమైన నాటు వైద్యం, ఎర్త్ వైరును న్యూట్రల్‌గా వాడుకోవడం. లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక ఇంటి ఎర్త్ పిట్ నుంచి వచ్చే పచ్చ వైరును న్యూట్రల్ లింకుకు కలిపేస్తారు. దీపాలు వెలుగుతాయి కూడా. ఆ ఎర్త్ పిట్ రెసిస్టెన్సు 10 ఓములు ఉందనుకుంటే మన గీజర్ ఒక్కటి వేసినా దానిలోంచి 6.3 ఆంపియర్లు భూమిలోకి పోతాయి, ఎర్త్ వైరు 63 ఓల్టులకు లేస్తుంది. ఫ్రిజ్ బాడీ, గీజర్ ట్యాంకు, వాషింగ్ మెషిన్ డ్రమ్ము అన్నీ ఆ పచ్చ వైరుకే కట్టి ఉన్నాయి. తడి కాళ్లతో ఫ్రిజ్ తలుపు తీసేవాళ్లకు ఆ 63 ఓల్టులు చాలు.

లోపం ఇదేనని తేల్చుకోవడానికి ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో చేసేది రెండు మూడు కొలతలే. ఫేజుకీ ఫేజుకీ మధ్య చూస్తే మూడు జతలూ చక్కగా 400 చూపిస్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూస్తే ఒకటి 85, ఒకటి 351, ఒకటి 314. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మామూలుగా ఐదారు ఓల్టులలోపు ఉండాల్సింది మన లెక్కలోని ఇంట్లో 150 దాటుతుంది. ఇక అనుమానం అక్కర్లేదు. రిపేరు అయ్యాక మాత్రం మల్టీమీటర్‌ను నమ్మి ఇంటిని ఒక్కసారిగా ఆన్ చేయకూడదు. మల్టీమీటర్ తీసుకునే కరెంటు అత్యల్పం. వెంట్రుకంత తీగ తగిలినా 230 అని చూపిస్తుంది. అందుకే పాతకాపులు హోల్డరుకు 200 వాట్ల గుండు బల్బు తగిలించిన టెస్ట్ ల్యాంపును తెస్తారు. మొదట ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య దాన్ని వెలిగించి చూస్తారు. తర్వాత ఒక ఫేజు మీద గీజర్ వేసి, మిగతా రెండు ఫేజుల ఓల్టేజీ కదులుతోందా అని కొలుస్తారు. కదలకపోతే అతుకు గట్టిది. ఆ అతుకు కూడా మెలితిప్పినది కాకుండా రాగి, అల్యూమినియం రెండింటికీ పనికొచ్చే లగ్గును క్రింపింగ్ చేసినదైతేనే నాలుగు కాలాలు నిలుస్తుంది.

అన్నిటికీ ముందు జాగ్రత్తగా బోర్డులో పెట్టించుకోదగ్గ పరికరం ఓవర్ ఓల్టేజ్, అండర్ ఓల్టేజ్ ప్రొటెక్టర్. ఓల్టేజీ 270 దాటినా, 170 కన్నా తగ్గినా ఇంటిని వేరు చేసేలా సాధారణంగా దాన్ని అమర్చుకుంటారు, సరిగ్గా ఉన్నాక కొంత ఆగి తిరిగి కలుపుతుంది. కొనేటప్పుడు ఒక్క విషయం గట్టిగా అడగాలి. మోటార్లకు వాడే కొన్ని త్రీఫేజ్ రక్షణ పరికరాలు ఫేజుల మధ్య ఓల్టేజీని మాత్రమే కొలుస్తాయి. న్యూట్రల్ తెగినా ఆ మూడూ 400గానే ఉంటాయని చూశాం కదా, వాటికి ఈ లోపం కనబడనే కనబడదు. ఇంటికి కావలసింది ప్రతి ఫేజునూ న్యూట్రల్‌తో పోల్చి చూసేది, ఒక్కటి హద్దు దాటినా మూడింటినీ ఆపేది. ఏసీ పక్కన పెట్టే స్టెబిలైజర్‌కు హై కట్ ఉంటే అది ఏసీ వరకు కాపాడుతుంది, హాల్లో టీవీకి దాంతో పని లేదు. ప్రొటెక్టర్ పెట్టాక కూడా రెండేళ్లకోసారైనా మెయిన్ ఆపించి, మీటరు తర్వాతి బోర్డులోని న్యూట్రల్ లింకు స్క్రూలు ఎలక్ట్రీషియన్ చేత బిగించి చూసుకోవాలి. మీటరుకు అవతలి వైపు సీలు వేసి ఉంటుంది, అక్కడ రంగు మారినట్టు కనిపిస్తే విప్పాల్సింది లైన్‌మనే.